మామిడి మండీలో ఆరు అనలాగ్ కెమెరాలు: సన్న కేబుల్, లావు కేబుల్, బీఎన్‌సీ పిన్నుల డైరీ

చోటు: చిత్తూరు శివార్లలో ఒక మామిడి మండీ. 2 మెగాపిక్సెల్ అనలాగ్ కెమెరాలు ఆరు, వాటి బొమ్మ రికార్డు చేసే ఎనిమిది ఛానళ్ల డీవీఆర్ ఒకటి, కెమెరాలకు కరెంటిచ్చే 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ ఒకటి ముందే ఉన్నాయి. కెమెరాలు కొత్తగా కొనేది లేదు. తోతాపురి సీజను మొదలై లారీలు వరస కట్టకముందే బొమ్మ సరిగా వచ్చేలా చేయడమే పని.

## దశ 1: ఉన్నదేమిటి, ఎక్కడ తేడా

1. ఆఫీసు, 9 మీటర్లు, త్రీ ప్లస్ వన్ కేబుల్, అంటే మూడు కరెంటు తీగలు, వీడియోకు ఒక సన్న కోయాక్స్ ఒకే తొడుగులో ఉన్నది. బొమ్మ బాగుంది.
2. కాటా, 22 మీటర్లు, త్రీ ప్లస్ వన్. కేబుల్ కదిపితే బొమ్మ పోయి వస్తోంది.
3. షెడ్డు లోపల, 38 మీటర్లు, త్రీ ప్లస్ వన్. బాగుంది.
4. షెడ్డు బయట, 46 మీటర్లు, త్రీ ప్లస్ వన్. పగలు ఫర్వాలేదు. చీకటి పడి, రాత్రి చూపు కోసం కెమెరాలో ఉండే ఐఆర్ లైట్లు వెలగగానే బొమ్మ మసకబారి, ఒక్కోసారి కెమెరా ఆగి మళ్లీ మొదలవుతోంది.
5. వెనక గోడ, 68 మీటర్లు, నల్లటి సన్న కేబుల్. తెల్ల లారీ అంచు పక్కన కుడివైపు పల్చటి నీడ.
6. గేటు, 115 మీటర్లు, తెల్లటి లావు కేబుల్. బోరు మోటారు ఆడినప్పుడల్లా అడ్డగీతలు కిందినుంచి పైకి పాకుతున్నాయి.

కేబుల్ మొత్తం: 298 మీటర్లు.

కేబుల్‌ను అనుమానించే ముందు తేడా ఉన్న నాలుగు కెమెరాలనూ విప్పి డీవీఆర్ పక్కనే పెట్టి, ఒక మీటరు రెడీమేడ్ లీడ్‌తో తగిలించి చూశాం. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. కెమెరాల్లో లోపం లేదని ఇక్కడే తేలిపోయింది కాబట్టి, ఇక చూడాల్సినవి కేబుల్, కేబుల్ కొసన ఉండే బీఎన్‌సీ పిన్ను, కరెంటు. ఈ పరీక్ష చేయకపోతే మంచి కెమెరాను మార్చి డబ్బు పోగొట్టుకోవడం ఖాయం.

## దశ 2: లావు, సన్నం అంటే ఎక్కడ కొలవాలి

మండీ ఎలక్ట్రీషియన్ గేటు కేబుల్ చూపించి అన్న మాట: "ఇది లావుగా ఉండాది కదన్నా, దీంట్లో తేడా ఎందుకొస్తుంది?" చాలామంది అనుకునేది ఇదే. పై తొడుగు లావు కేబుల్ రకాన్ని చెబుతుంది గానీ నాణ్యతను చెప్పదు. ఒక్కోసారి రకాన్ని కూడా సరిగా చెప్పదు.

వాడిన సామాన్లు: వెర్నియర్ కాలిపర్, చిన్న అయస్కాంతం, బ్లేడు, మల్టీమీటరు, 75 ఓమ్‌ల రెసిస్టర్ సోల్డర్ చేసిన ఒక బీఎన్‌సీ పిన్ను.

ప్రతి కేబుల్ చివర మూడు సెంటీమీటర్లు ఒలిచి చూసిన క్రమం ఇది:

1. మధ్య కోర్ తీగ మందం కొలవాలి.
2. దాని చుట్టూ ఉన్న తెల్ల ఇన్సులేషన్ మందం కొలవాలి. బ్లేడు గుచ్చుకోకుండా, కాలిపర్‌ను గట్టిగా నొక్కకుండా చూడాలి. ఫోమ్ అయితే ఇట్టే అణిగిపోతుంది.
3. రెండో కొలతను మొదటిదానితో భాగించాలి.
4. కోర్‌కు అయస్కాంతం తగిలించాలి. తర్వాత కొనను బ్లేడుతో గీకి లోపలి రంగు చూడాలి.
5. జాలీ, అంటే ఇన్సులేషన్ చుట్టూ అల్లిన సన్న తీగల వల, రాగిదా, అల్యూమినియందా, ఎంత దట్టంగా ఉందో చూడాలి.

మూడో మెట్టు చాలామంది చేయరు. పిన్నుల దగ్గర, కెమెరాలో, డీవీఆర్‌లో అన్నిచోట్లా 75 ఓమ్‌లు ఉండాలి. ఈ 75 అనేది మల్టీమీటరులో కనిపించే నిరోధం కాదు, ఇన్సులేషన్ మందానికీ కోర్ మందానికీ ఉన్న నిష్పత్తి నుంచి వచ్చేది. ఇన్సులేషన్ గట్టి ప్లాస్టిక్ అయితే నిష్పత్తి 6.5 దగ్గర, ఫోమ్ అయితే 4.5 దగ్గర ఉంటే అది 75 ఓమ్‌ల కేబుల్. గట్టి ప్లాస్టిక్‌తో 3.3 దగ్గర వస్తే 50 ఓమ్‌ల కేబుల్. అంటే వైర్‌లెస్ సెట్లకు వాడేది, కెమెరాలకు కాదు.

కోయాక్స్ రకాలను ఆర్‌జీ నంబర్లతో పిలుస్తారు. పోల్చి చూసుకోవడానికి తెలిసిన కొలతలు: ఆర్‌జీ 59 పై తొడుగు సుమారు 6.1 మి.మీ., ఇన్సులేషన్ 3.7, కోర్ 0.58 లేదా 0.81. ఆర్‌జీ 6 పై తొడుగు సుమారు 6.9, ఇన్సులేషన్ 4.6, కోర్ 1.02. ఆర్‌జీ 58 పై తొడుగు సుమారు 5, ఇన్సులేషన్ 2.95, కోర్ 0.9. ఆర్‌జీ 11 పది మిల్లీమీటర్లు దాటుతుంది, ఇలాంటి పనుల్లో దాని అవసరం రాదు.

ఇక్కడ దొరికినవి:

త్రీ ప్లస్ వన్‌లోని సన్న కోయాక్స్: కోర్ 0.45, ఇన్సులేషన్ 2.0, ఫోమ్. నిష్పత్తి 4.4. కోర్ రాగే, అయస్కాంతానికి అంటుకోలేదు, గీకితే లోపలా ఎరుపే. సన్నదైనా 75 ఓమ్‌లదే. 46 మీటర్ల కేబుల్‌కు అవతలి కొన షార్టు చేసి కొలిస్తే కోర్, జాలీ కలిపి 8 ఓమ్‌లు. ఈ దూరానికి పనికొస్తుంది, ఉంచేశాం.

వెనక గోడ నల్ల కేబుల్: కోర్ 0.9, ఇన్సులేషన్ 2.95, గట్టి ప్లాస్టిక్. నిష్పత్తి 3.3. పై తొడుగు మీద అచ్చు చెరిగిపోయింది గానీ ఇది ఆర్‌జీ 58, 50 ఓమ్‌లది. రాగి మంచిది, జాలీ దట్టమైనది, మీటరుతో చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా 50 వచ్చి 75ను కలిసే చోట సిగ్నల్‌లో ఐదో వంతు వెనక్కి తిరుగుతుంది, కెమెరా వైపు కొసలో అందులో ఐదో వంతు మళ్లీ ముందుకు వస్తుంది. మొత్తం ఇరవై ఐదో వంతు, అంటే 4 శాతం, కేబుల్‌లో జరిగే నష్టం వల్ల ఇంకాస్త తక్కువ, ఆలస్యంగా చేరుతుంది. తెల్ల లారీ పక్కన కనబడిన నీడ అదే. 5 మీటర్ల ముక్క అయితే నీడ అసలు బొమ్మకు అంటుకుపోయి కంటికి ఆనదు, 68 మీటర్లకు విడిపోయి కనబడుతుంది. పిన్ను మార్చినా డీవీఆర్ సెట్టింగులు మార్చినా ఇది పోదు.

గేటు తెల్ల కేబుల్: కోర్ 1.02, ఇన్సులేషన్ 4.6, ఫోమ్. నిష్పత్తి 4.5. రకం ఆర్‌జీ 6, 75 ఓమ్‌లే. అయితే కోర్ అయస్కాంతానికి టక్కున అంటుకుంది. ఇనుప తీగ మీద పల్చటి రాగి పూత. జాలీ అల్యూమినియం, వేళ్లతో లెక్కపెట్టేంత పలచన, దాని కింద రేకు. ఇది డిష్ టీవీ కేబుల్. డిష్ సిగ్నల్ చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కోర్ పైపొర మీదే నడుస్తుంది కాబట్టి లోపల ఇనుమున్నా దానికి నష్టం లేదు. కెమెరా సిగ్నల్ అలా కాదు. అతి తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచే మొదలవుతుంది, అక్కడ కోర్ మొత్తం, జాలీ మొత్తం పనిచేయాలి. కొలిస్తే 115 మీటర్లకు 15 ఓమ్‌లు వచ్చింది, కేబుల్ కదిపితే 40 దాకా ఎగిరింది. రాగి కోర్, రాగి జాలీ ఉన్న ఆర్‌జీ 6 అయితే ఇదే దూరానికి 4 ఓమ్‌ల లోపే రావాలి.

తీసేయాల్సినవి: 68 + 115 = 183 మీటర్లు. ఉంచేవి: 115 మీటర్లు.

## దశ 3: పిన్నులు

ప్రతి కేబుల్‌కు రెండు కొసలా మగ బీఎన్‌సీ పిన్నులే పడతాయి. కెమెరా తోకలోనూ డీవీఆర్ వెనకా ఉన్నవి ఆడ సాకెట్లు. ఆరు కెమెరాలకు పన్నెండు పిన్నులు: సన్న కోయాక్స్‌కు స్క్రూ రకం ఎనిమిది, ఆర్‌జీ 59 క్రింపు రకం రెండు, ఆర్‌జీ 6 క్రింపు రకం రెండు.

ఆర్‌జీ 59 పిన్ను, ఆర్‌జీ 6 పిన్ను బయటికి ఒకేలా ఉంటాయి. తేడా వెనక గొట్టంలో ఉంటుంది. ఆర్‌జీ 6 ఇన్సులేషన్ 4.6 మి.మీ., అది 3.7 కోసం చేసిన గొట్టంలో దూరదు. దూరలేదని బ్లేడుతో ఇన్సులేషన్ చెక్కేవాళ్లున్నారు. పిన్ను ఎక్కుతుంది, కానీ చెక్కిన చోట జాలీకి కోర్‌కు మధ్య పల్చటి పొరే మిగిలి, కొన్నాళ్లకు షార్టవుతుంది. తలకిందులుగా చేసినా ఇబ్బందే: ఆర్‌జీ 6 పిన్నులో ఆర్‌జీ 59 పెడితే క్రింపు వదులై, చేత్తో లాగితే ఊడొస్తుంది. క్రింపు పట్టకారులో ఆర్‌జీ 59కి 6.5 మి.మీ. గుంట, ఆర్‌జీ 6కి 8.2 మి.మీ. గుంట, సన్న ఆర్‌జీ 58కి 5.4. ఏ గుంట వాడాలో పిన్ను ప్యాకెట్ మీద చూసి వాడాలి, అందాజుతో నొక్కొద్దు.

త్రీ ప్లస్ వన్ సన్న కోయాక్స్‌కు ఈ క్రింపు పిన్నులు ఏవీ పట్టవు. కాటా కెమెరాకు ఉన్న లోపం ఇదే. ఆర్‌జీ 59 క్రింపు పిన్నును సన్న కేబుల్ మీద ఎక్కించి, వదులు పోవడానికి ఇన్సులేషన్ టేపు చుట్టి నొక్కారు. టేపు మెత్తబడి జాలీ పట్టు పోయింది. దాన్ని కోసేసి స్క్రూ రకం పెట్టిన తీరు:

1. వెనక స్ప్రింగు మూతను ముందే కేబుల్‌లోకి ఎక్కించాలి. తర్వాత ఎక్కదు.
2. పై తొడుగు 12 మి.మీ. ఒలవాలి. జాలీని వెనక్కి దువ్వి ఒక పక్కకు మెలితిప్పాలి. లోపల రేకు ఉంటే గుండ్రంగా కోసి తీసేయాలి.
3. తెల్ల ఇన్సులేషన్ 6 మి.మీ. తీసి కోర్ బయటపెట్టాలి. కోర్ మీద బ్లేడు గాటు పడితే ఆ ముక్క కోసేసి మళ్లీ మొదటినుంచి చేయాలి. గాటు పడ్డ 0.45 తీగ ఒక్క వంపుకే తెగుతుంది, అదీ తొడుగు లోపల, కంటికి కనబడకుండా.
4. కోర్‌ను మడిచి జోడించి రంధ్రంలో పెట్టి స్క్రూ బిగించాలి. ఒంటి తీగ పెడితే స్క్రూ మొన పక్కకు జారి పట్టుకున్నట్టే ఉంటుంది, పట్టుకోదు.
5. మెలితిప్పిన జాలీని వెనక రెక్కల కింద పెట్టి పట్టకారుతో నొక్కాలి. రెక్కలు పై తొడుగును కూడా పట్టాలి, లాగుడు బరువు జాలీ మీద పడకూడదు.
6. మూత వేసే ముందు వెలుతురులో కోర్ చుట్టూ చూడాలి. వెంట్రుకంత జాలీ తీగ ఒక్కటి కోర్‌ను తాకినా బొమ్మ రాదు.

మూత వేశాక మీటరు పరీక్ష రెండు మెట్లు. అవతలి కొస ఖాళీగా ఉంచి పిన్నుకూ బాడీకీ మధ్య చూస్తే ఏమీ చూపించకూడదు. అవతలి కొసకు 75 ఓమ్‌ల రెసిస్టర్ పిన్ను తగిలిస్తే 75కు ఆ కేబుల్ సొంత నిరోధం కలిపి రావాలి. కాటా కేబుల్‌కు 78.8 వచ్చింది, అంటే 22 మీటర్లకు 3.8 ఓమ్‌లు. కేబుల్ వంచినా అంకె కదల్లేదు. 75కన్నా బాగా తక్కువ వస్తే ఎక్కడో తడి ఉందని, లేదా షార్టు మొదలైందని అర్థం. మీటరు వైర్ల సొంత నిరోధాన్ని, ఇక్కడ 0.3 ఓమ్‌లు, ముందే తీసేసుకోవాలి.

పిన్నులు ఇప్పటిదాకా: 12కు 8 పూర్తి.

## దశ 4: వెనక గోడ, గేటు

వెనక గోడకు రాగి కోర్ 0.81 ఉన్న ఆర్‌జీ 59, 70 మీటర్లు లాగాం. రెసిస్టర్ పరీక్షలో 78.1. నీడ పూర్తిగా పోయింది. ఇక్కడ చెప్పడానికి ఇంకేం లేదు.

గేటుది కష్టపెట్టింది. పాత కేబుల్ తీస్తుంటే డీవీఆర్ నుంచి 100 మీటర్ల దగ్గర ఒక జాయింటు బయటపడింది. కాయిల్ అక్కడితో అయిపోయింది, మిగతా 15 మీటర్లకు ఇంకో ముక్క కలిపి మెలితిప్పి టేపు చుట్టారు. టేపు విప్పితే అల్యూమినియం జాలీ మీద తెల్ల పొడి, కోర్ రాగి పూత లేచిన చోట తుప్పు. మీటరు 15 నుంచి 40కి ఎగరడానికి కారణం ఇదే. అందుకే కొత్త కేబుల్‌ను 100 మీటర్ల కాయిల్‌గా కాకుండా 305 మీటర్ల పెద్ద డ్రమ్ము నుంచి కావలసినంత కోయించి తెచ్చాం. తప్పనిసరి అయితే జాయింటు రెండు మగ పిన్నులు, మధ్యలో బీఎన్‌సీ జాయింటర్‌తో, డబ్బా లోపల వేయాలి.

పాత కేబుల్ మోటారు త్రీ ఫేజ్ వైరుతో కలిపి కట్టి ఉంది. కొత్తదాన్ని దానికి అడుగు దూరంలో నడిపి, దాటాల్సిన ఒక్క చోట అడ్డంగా దాటించాం. దాంతో దూరం 118 మీటర్లయింది. రాగి కోర్, దట్టమైన రాగి జాలీ ఉన్న ఆర్‌జీ 6. రెసిస్టర్‌తో 78.7, అంటే కేబుల్‌ది 3.7.

బొమ్మలో స్పష్టత వచ్చింది. మోటారు వేయగానే గీతలు మళ్లీ వచ్చాయి. పల్చబడ్డాయి గానీ పోలేదు.

గీతలు మోటారుతో పాటే వచ్చి పోతున్నాయంటే ఎర్తు వైపు చూడాలి. డీవీఆర్ దగ్గర గేటు కేబుల్ ఊడదీసి, ఆ పిన్ను బాడీకీ డీవీఆర్ సాకెట్ బాడీకీ మధ్య ఏసీ వోల్టులు కొలిచాం. మోటారు ఆగి ఉంటే 0.2. ఆడుతుంటే 1.3. వీడియో సిగ్నల్ మొత్తం ఎత్తే సుమారు ఒక వోల్టు కాబట్టి 1.3 వోల్టుల ఎర్తు తేడా బొమ్మలో కనబడకుండా ఉండదు.

దారి ఇలా ఉంది: ఇనుప బాడీ కెమెరా ఇనుప స్తంభానికి బిగించి ఉంది, స్తంభం నేలలో ఉంది, కెమెరా బాడీకి బీఎన్‌సీ జాలీ లోపల కలిసి ఉంది. ఇటు డీవీఆర్ ఆఫీసు ఎర్తుకు కలిసి ఉంది. మోటారు ఆడినప్పుడు రెండు చోట్ల నేల వోల్టేజిలో తేడా వచ్చి, ఆ కరెంటు కేబుల్ జాలీ గుండా ప్రవహిస్తుంది. జాలీ నిరోధం తగ్గితే గీతలు పల్చబడతాయి, మార్పు అంతవరకే. దారి తెంచితేనే పోతాయి.

తెంచిన తీరు: స్తంభానికి నాలుగంగుళాల పీవీసీ డబ్బా బిగించి, డబ్బా మీద వేరే స్క్రూలతో కెమెరా. డబ్బా స్క్రూలు కెమెరా స్క్రూలను తాకకుండా వేరే రంధ్రాలు. తర్వాత కెమెరా బాడీకీ స్తంభానికీ మధ్య మీటరు ఏమీ చూపించలేదు. మోటారు వేస్తే గీతలు లేవు. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బాలు దొరుకుతాయి, కెమెరాను స్తంభం నుంచి వేరు చేయడం కుదరనప్పుడే అవి. ఒక డబ్బా, నాలుగు స్క్రూలతో పోయేదానికి ఇంకో రెండు జాయింట్లు పెంచుకోవడం ఎందుకు?

హెచ్చరిక: ఈ కొలతలో పదుల వోల్టులు వస్తే పిన్ను ముట్టుకోకుండా ఆగాలి. రెండు కాళ్ల అడాప్టర్ ఎర్తు లేకుండా తేలుతుంటే మీటరు అలా చూపించొచ్చు, నిజంగా ఫేజ్ లీకేజి అయినా కావచ్చు. ఏదో తేల్చుకున్నాకే చేయి పెట్టాలి.

కొత్త కేబుల్: 70 + 118 = 188 మీటర్లు. పిన్నులు: 12కు 12.

## దశ 5: కరెంటు

షెడ్డు బయటి కెమెరా రాత్రి ఆగిపోవడం కోయాక్స్ లోపం కాదు. కెమెరా పగలు 0.12 ఆంపియర్లు, ఐఆర్ వెలిగాక 0.34 తీసుకుంటోంది. త్రీ ప్లస్ వన్‌లోని కరెంటు తీగ మీటరుకు 0.09 ఓమ్. లెక్క:

```
2 × 46 × 0.09 × 0.34 = 2.8 V
12 - 2.8 = 9.2 V
```

డబ్బా మీద 12 వోల్టులకు 25 శాతం అటూఇటూ అని ఉంది, అంటే 9 దాకా నడవాలి. అంచులో ఉందన్నమాట. కానీ రాత్రి కెమెరా దగ్గర కొలిస్తే 9.2 కూడా లేదు, ఊగుతోంది. డీవీఆర్ దగ్గర ఆ కెమెరా బీఎన్‌సీ పిన్ను ఊడదీయగానే కెమెరా ఐఆర్ లైట్లు కూడా ఆరిపోయాయి. వీడియో పిన్ను తీస్తే కెమెరా ఆగకూడదు. ఆగిందంటే నెగటివ్ తీగ ఎక్కడో తెగి, కరెంటు కోయాక్స్ జాలీ గుండా, డీవీఆర్ మీదుగా, మిగతా కెమెరాల నెగటివ్ తీగల్లోంచి తిరిగి వస్తోంది. డీసీ పిన్ను విప్పితే నల్ల తీగ స్క్రూ కింద తొడుగుతో సహా బిగించి ఉంది, రాగికి స్క్రూ తగల్లేదు.

చేసినవి:

1. తీగ సరిగా ఒలిచి బిగించాం.
2. ఖాళీగా ఉన్న మూడో తీగను రెండు కొసలా నెగటివ్‌కు జోడించాం. నష్టం 2.8 నుంచి 2.1కి దిగుతుంది.
3. ఎస్‌ఎంపీఎస్ స్క్రూ తిప్పి 12.6 వోల్టులకు పెట్టాం. 9 మీటర్ల ఆఫీసు కెమెరాకు పగలు 12.4, దానికేమీ ప్రమాదం లేదు.

బీఎన్‌సీ ఊడదీసి ఉంచే, రాత్రి, ఐఆర్ వెలుగుతుండగా కొలవాలి. బీఎన్‌సీ తగిలించి ఉంటే జాలీ కూడా కరెంటు మోస్తుంది కాబట్టి అంకె ఉన్నదానికన్నా బాగా కనబడుతుంది. షెడ్డు బయట 10.5 వచ్చింది.

గేటుకు వాచ్‌మన్ గదిలోని అడాప్టర్ తీసేసి, ఎస్‌ఎంపీఎస్ నుంచే 1.5 చదరపు మి.మీ. రెండు తీగల వైరు 118 మీటర్లు వేశాం. వెనక గోడకు 0.75 వైరు 70 మీటర్లు చాలింది.

ఐఆర్ వెలుగులో కెమెరా దగ్గర వోల్టులు: గేటు 11.5, వెనక గోడ 11.4, షెడ్డు బయట 10.5. ఆరు కెమెరాలకు రాత్రి మొత్తం కరెంటు 2.04 ఆంపియర్లు, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌కు ఇబ్బంది లేదు.

## మిగిలిన పని

వర్షం తగిలే మూడు కెమెరాల దగ్గర పిన్ను జతలు ఇంకా బయటే వేలాడుతున్నాయి. వాటిని డబ్బాల్లోకి నెట్టి, కేబుల్ డబ్బా అడుగునుంచి లోపలికి వచ్చేలా, రంధ్రానికి ముందు ఒక వంపు కిందికి వేలాడేలా చేయాలి. నీళ్లు కేబుల్ వెంట జారి వంపు దగ్గరే కారిపోతాయి. ఆర్‌జీ 6 వంపు 7 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా తగ్గకూడదు. తీసేసిన డిష్ కేబుల్‌లో తుప్పు లేని 90 మీటర్లు చుట్టి పక్కన పెట్టాం, మండీ యజమాని ఇంటి మేడ మీద డిష్‌కు పనికొస్తుంది.